వారంలో ఎన్ని దీవులు? ముందు రాత్రులు లెక్కపెట్టండి

ప్రశ్న: నమస్తే అండి. జూలై మూడో వారంలో గ్రీస్ వెళ్తున్నాం, నేను, మావారు, ఎనిమిదేళ్ల పాప, మా అత్తగారు (62). శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఏథెన్స్‌లో దిగుతాం, మళ్ళీ వచ్చే శనివారం సాయంత్రం ఏథెన్స్ నుంచే రిటర్న్, టికెట్లు కొనేశాం. మావారి లిస్టులో మికొనోస్, పారోస్, నాక్సోస్, ఇయోస్, శాంటొరిని, మొత్తం ఐదు దీవులున్నాయి. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే, పడవలో గంట, రెండు గంటలే కదా, అంతదూరం వెళ్ళి రెండే చూసి వస్తామా అంటారు. నాకేమో రోజూ పెట్టె సర్దడమే సరిపోతుందేమో అనిపిస్తోంది. అత్తగారికి బోటంటే కొంచెం కళ్ళు తిరుగుతాయి. అసలు వారానికి ఎన్ని దీవులైతే హాయిగా ఉంటుంది?

జవాబు: మీకైతే రెండండి. మూడోది మీవారు మరీ పట్టుబడితే దానికో దారుంది, అది తర్వాత చెప్తా, ముందు ఈ రెండు అనే లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి, ఎందుకంటే ఊరికే "తక్కువ చూడండి, హాయిగా ఉంటుంది" అని నేను చెప్తే మీవారు వినరు, వినక్కర్లేదు కూడా.

వారం అంటే ఏడు రోజులు అనుకుంటాం కదా, దీవులకి మాత్రం రోజులతో లెక్కేస్తే మోసపోతాం, రాత్రులతో వేయాలి. మీకున్నవి ఏడు రాత్రులు. శనివారం రెండున్నరకి విమానం దిగుతుంది, ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి మూడున్నర అనుకోండి, ఎయిర్‌పోర్ట్ నుంచి పైరియస్ రేవుకి మెట్రోలో ఇంకో గంట. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఏదో ఒక ఫెర్రీ కనిపిస్తుంది, అందుతుందేమో అని ఆశ పడతారు, వద్దు. విమానం ఒక్క గంట లేటైతే ఆ టికెట్ పోయినట్టే, అందినా రాత్రి పదకొండింటికి తెలియని ఊరి రేవులో నిద్రమత్తులో ఉన్న పాపతో దిగాలి. కాబట్టి శనివారం రాత్రి పైరియస్‌లోనే, రేవుకి దగ్గర్లో పడుకోవాలి. అటు చివర్న, మీ రిటర్న్ విమానం శనివారం సాయంత్రం కదా, ఆ రోజు పొద్దున దీవి నుంచి పడవలో వచ్చి విమానం ఎక్కుదాం అనుకోవడం జూలైలో చాలా రిస్కు (గాలి సంగతి కింద చెప్తా), అంచేత శుక్రవారం రాత్రికల్లా ఏథెన్స్ చేరిపోవాలి. ఏడులో రెండు పోయాయి, దీవుల మీద మీకు మిగిలింది ఐదు రాత్రులు.

ఐదు రాత్రులు, ఐదు దీవులు. మీవారికి ఈ ఒక్క ముక్క చూపించండి చాలు. అంటే ప్రతి దీవి మీదా ఒక్క రాత్రే, రోజూ ఉదయం పెట్టె మూయడమే.

ఇప్పుడు అసలు లెక్క. ఒక దీవి మీద మూడు రాత్రులు ఉంటే మధ్యలో పూర్తిగా మీదైన రోజులు రెండు, అంటే అదే మంచం మీద లేచి మళ్ళీ అదే మంచం మీద పడుకునే రోజులు, సామాను ముట్టుకోనవసరం లేనివి. రెండు రాత్రులుంటే అలాంటిది ఒక్కటే. ఒక రాత్రికి సున్నా. ప్రతి దీవి దగ్గరా ఒకటి తగ్గుతోంది చూశారా, కాబట్టి దీవుల మీద రాత్రులు ఎన్నో చూసి అందులోంచి దీవుల సంఖ్య తీసేస్తే మీకు మిగిలే ఖాళీ రోజులు వచ్చేస్తాయి. ఐదు దీవులైతే ఒక్క రోజు కూడా మిగలదు. నాలుగైతే ఒకటి, మూడైతే రెండు, రెండైతే మూడు, ఒకటే అయితే నాలుగు. పక్కనే కదిలే రోజులు కూడా వేయండి, మెయిన్‌ల్యాండ్ నుంచి వెళ్ళడం, చివర్న తిరిగి రావడం కలుపుకుని ఎప్పుడూ దీవుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉంటాయి. మూడు దీవులకి నాలుగు కదిలే రోజులు, రెండు ఖాళీ రోజులు, అంటే సెలవు సగం కంటే ఎక్కువ రేవుల్లోనే. రెండు దీవులకి మూడు కదిలే రోజులు, మూడు ఖాళీ రోజులు. నేను పెట్టుకున్న గీత ఇదే, ఖాళీ రోజులు కదిలే రోజులకంటే తక్కువ కాకూడదు, తక్కువైన క్షణం నుంచి హడావిడి మొదలవుతుంది. మీ ఐదు రాత్రులకి ఆ గీత సరిగ్గా రెండు దగ్గర పడింది.

కదిలే రోజు అంటే రోజంతా పోయినట్టేనా, పారోస్ నుంచి నాక్సోస్ ముప్పావు గంట, మహా అయితే గంట కదా అని మీవారు అడుగుతారు, నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను. ఆ గంట ప్రయాణం ఉన్న రోజు నిజంగా ఎలా గడుస్తుందో చెప్తా. పడవ పన్నెండింటికి అనుకోండి. రూము పదిన్నరకో పదకొండుకో ఖాళీ చేయమంటారు, అంటే తొమ్మిదింటికి సర్దడం మొదలు, ఆ పొద్దున ఈతకి వెళ్ళడం కుదరదు, వెళ్తే తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టెలో పెట్టాలి. పదకొండుకి బస్సో ట్యాక్సీయో పట్టుకుని రేవు. అక్కడ నీడ ఉండే చోటు అందరికీ సరిపోదు. పడవ పైరియస్ నుంచి బయల్దేరి దారిలో ఆగుతూ వస్తుంది కాబట్టి ఇరవై నిమిషాలో అరగంటో లేటు మామూలే, అదేం పెద్ద వింత కాదు. ఎక్కేటప్పుడు వెనక ర్యాంపు మీంచి కార్లు, లారీలు, మనుషులు అందరూ ఒకేసారి, పెట్టెలు కింద ర్యాకుల్లో పెట్టి మెట్లెక్కాలి, గంటలో మళ్ళీ దిగొచ్చి ఆ పెట్టె వెతుక్కోవాలి. ఒంటిగంటన్నరకి నాక్సోస్‌లో దిగితే రూము మూడింటికి గానీ ఇవ్వరు. సామాను రిసెప్షన్‌లో పడేసి ఏదో తిని, రూములోకి వెళ్ళి, పాప స్విమ్‌సూట్ పెట్టె అడుగునుంచి లాగేసరికి నాలుగు. ముప్పావు గంట ప్రయాణం అన్నది తొమ్మిది నుంచి నాలుగు దాకా తినేసింది.

పైగా కొత్త దీవిలో మొదటి సాయంత్రం చూడ్డానికి పనికిరాదు, నేర్చుకోడానికే పోతుంది. బస్సు ఎక్కడ ఆగుతుంది, మంచినీళ్ళ బాటిళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఈ గాలికి ఏ వైపు బీచ్ ప్రశాంతంగా ఉంటుంది, ఇవన్నీ ప్రతిచోటా మళ్ళీ మొదటి నుంచి కనుక్కోవాలి. రెండో రోజు నుంచి అవన్నీ చేతికొచ్చి హాయి మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే మీ ఐదు దీవుల ప్లాను మిమ్మల్ని రేవుకి పంపిస్తుంది. నేను మొదటిసారి మీ లిస్టులోని దీవులన్నీ ఉన్న ఈ సైక్లాడీస్ దీవుల గుంపులోనే వారంలో నాలుగు దీవులు తిరిగాను, అందులో ఒకదాని గురించి ఇప్పుడు నాకు గుర్తున్నది రేవు ఎదురుగా ఉన్న ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఆరేసిన తువ్వాలు, అంతే, అక్కడ దిగినట్టు సాక్ష్యం టికెట్ ముక్క ఒక్కటే.

రెండు అని తేలాక ఏ రెండు అన్నది అసలు ప్రశ్న, ఇక్కడే మ్యాప్ మోసం చేస్తుంది. దీవులు పక్కపక్కన ఉండటం వేరు, ఒకే పడవ దారిలో ఉండటం వేరు. ఫెర్రీలు బస్సు రూట్లలాగా లైన్లుగా నడుస్తాయి. పైరియస్ నుంచి పారోస్, నాక్సోస్, అక్కణ్ణుంచి కిందికి శాంటొరిని, ఇది ఒక లైను, ఎప్పుడూ రద్దీగా ఉండేది, దీని మీద పెద్ద పడవలు రోజూ ఉంటాయి, వేసవిలో రోజుకి చాలాసార్లు. ఇయోస్ కూడా నాక్సోస్‌కీ శాంటొరినికీ మధ్యలో ఈ దారిలోనే తగులుతుంది, కానీ అన్ని పడవలూ అక్కడ ఆగవు. పడమటి వైపు సెరిఫోస్, సిఫ్నోస్, మీలోస్ ఇంకో లైను. ఆండ్రోస్, టీనోస్, మికొనోస్ మూడో లైను, దీనికి రఫీనా అనే వేరే రేవు నుంచి ఎక్కువ పడవలు, అది ఎయిర్‌పోర్ట్‌కి పైరియస్ కంటే దగ్గర. వేసవిలో వేగపు పడవలు మికొనోస్‌ని శాంటొరినితో కలుపుతాయి, అందుకే అందరి లిస్టులోనూ ఆ రెండూ కలిసి ఉంటాయి. ఒకే లైను మీది రెండు దీవులు ఎంచుకుంటే ఒక పడవ తప్పినా వెనకాల ఇంకొకటి ఉంటుంది. వేరే వేరే లైన్లవి ఎంచుకుంటే ఆ మధ్య పడవ రోజుకి ఒకటో, కొన్ని రోజులకి అసలు లేకపోవడమో, అప్పుడు గంటన్నర దూరానికి ఒక రోజంతా పెట్టాల్సొస్తుంది. ఏ రెండు దీవుల మధ్యైనా మీరు వెళ్ళే తారీఖు వేసి చూడండి, ఆ రోజు రెండు మూడు పడవలు కనపడకపోతే ఆ జంట వదిలేయండి.

మీకైతే మికొనోస్ తీసేద్దాం, లైను వేరు, పైగా అక్కడి పేరంతా రాత్రిళ్ళ పార్టీలది, ఎనిమిదేళ్ల పాపకీ అత్తగారికీ దాంతో పనేంటి. ఇయోస్ కూడా కుర్రకారు రాత్రిళ్ళు తిరిగే చోటే ఎక్కువ, బీచ్‌లు బాగుంటాయి కాదనను, కానీ తీసేద్దాం. మిగిలినవి పారోస్, నాక్సోస్, శాంటొరిని. శాంటొరిని తీసేయమంటే మీ ఇంట్లో గొడవైపోతుంది కాబట్టి అది ఉంచి, పారోస్, నాక్సోస్‌లో ఒకటి. నేను నాక్సోస్ అంటా. సైక్లాడీస్‌లో అన్నిటికంటే పెద్ద దీవి అది, మూడు రాత్రులున్నా తనివి తీరదు, రేవు పక్కనే నడిచి వెళ్ళేంత దూరంలో పోర్తారా అనే పెద్ద రాతి ద్వారం ఉంటుంది, క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో అపోలో గుడి అని మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసినది, సాయంత్రం అత్తగారు మెల్లగా నడిచినా చేరిపోతారు. ఊరి పక్కనే ఇసుక బీచ్, లోతు తక్కువ, పాపకి సరిగ్గా సరిపోతుంది. లోపల కొండల్లో హాల్కి, అపీరాంథోస్ లాంటి పల్లెలకి బస్సుంది. శాంటొరినికి రెండు రాత్రులు చాలు, ఇది కొందరు ఒప్పుకోరు, నా లెక్క ఏంటంటే అక్కడ చూడాల్సిన ప్రధానమైనది ఒక్కటే, ఆ కాల్డెరా, అంటే అగ్నిపర్వతం పేలి కూలిన గుంటలోకి సముద్రం వచ్చేసిన ఆ దృశ్యం, దాన్ని ఒక సాయంత్రం, ఒక పొద్దున చూస్తే మనసు నిండుతుంది. బీచ్‌లకోసం అక్కడికి వెళ్ళక్కర్లేదు, నల్ల ఇసుక మధ్యాహ్నం కాళ్ళు కాల్చేస్తుంది.

రోజులవారీగా ఇలా వస్తుంది. శనివారం రాత్రి పైరియస్. ఆదివారం పొద్దున ఏడు, ఏడున్నర ప్రాంతంలో పెద్ద పడవ, ఐదు, ఐదున్నర గంటల్లో నాక్సోస్, అంటే మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతారు, సాయంత్రం ఊళ్ళోనే. సోమ, మంగళ పూర్తిగా మీవి. బుధవారం మధ్యాహ్నం పడవ, రెండు గంటల్లో శాంటొరిని. గురువారం మీది. శుక్రవారం తిరిగి ఏథెన్స్, శనివారం సాయంత్రం విమానం. సోమ, మంగళ, గురు, మూడు ఖాళీ రోజులు, లెక్క సరిపోయింది కదా. బోనస్‌గా శనివారం పొద్దున ఏథెన్స్‌లో కాసేపు తిరగొచ్చు.

పడవల్లో రెండు రకాలున్నాయి, అత్తగారి సంగతి చెప్పారు కాబట్టి ఇది ముఖ్యం. వేగపు కాటమరాన్‌లో టైము చాలా కలిసొస్తుంది, పైరియస్ నుంచి నాక్సోస్ మూడున్నర, నాలుగు గంటల్లో అయిపోతుంది, కానీ అందులో విమానంలోలాగా లోపలే కూర్చోవాలి, బయట డెక్ మీద నడిచే వీలు చాలావాటిలో ఉండదు, అల ఎక్కువైతే అదరడం బాగా తెలుస్తుంది, కళ్ళు తిరిగే మనిషికి పారిపోయే చోటుండదు. పెద్ద మామూలు ఫెర్రీ నిదానం, కానీ బరువుగా ఉంటుంది కాబట్టి ఊగడం తక్కువ, అత్తగారు బయట డెక్ మీద గాలికి కూర్చుని దూరంగా సముద్రం అంచు చూస్తూ ఉండొచ్చు, కళ్ళు తిరగడానికి అదే పెద్ద మందు, పాప కూడా అటూ ఇటూ పరిగెత్తుకోవచ్చు. దీవుల సంఖ్యకీ దీనికీ సంబంధం ఉంది, ఐదు దీవులు ఎలాగోలా కుదరాలంటే ఎక్కువగా వేగపు పడవల మీదే ఆధారపడాలి, రెండైతే నిదానపు పడవ భరించే టైము మీ దగ్గర ఉంటుంది.

ఇక గాలి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రంలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది, ఆకాశం నీలంగా, ఎండ కాస్తూనే ఉంటుంది, మబ్బు కనపడదు, అయినా గాలి మాత్రం దుమ్ము రేపుతుంది, మొదలైతే ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. గాలి బలం బోఫోర్ట్ స్కేలు మీద ఎనిమిదికి వచ్చిందంటే మామూలుగా రేవు అధికారులు పడవల్ని కదలనివ్వరు, చిన్న పడవలూ వేగపు పడవలూ అంతకంటే ముందే ఆగిపోతాయి. ఆపేశారంటే టికెట్ డబ్బులు తిరిగిస్తారు లేదా తర్వాతి పడవకి మారుస్తారు, దాంతో నష్టం లేదు, నష్టమంతా ఆ వెనకాల బుక్ చేసిన రూములది. ఐదు దీవుల ప్లానులో సోమవారం పడవ ఆగిందనుకోండి, ఆ రాత్రి రూము పోయింది, మంగళవారం మీరు అక్కడికి చేరేసరికి ఆ పక్క దీవికి బయల్దేరాల్సిన టైము అయిపోయింది, అంటే ఒక దీవి మొత్తం ఎగిరిపోయింది, మిగతా టికెట్లన్నీ మార్చుకుంటూ ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. రెండు దీవుల ప్లానులో బుధవారం పడవ ఆగితే ఏమవుతుంది, నాక్సోస్‌లో ఇంకో రాత్రి ఉంటారు, శాంటొరిని ఒక్క రాత్రి అవుతుంది, బాధే, కానీ వారం కూలిపోదు. ఇలా ఆగడం ప్రతి వారం జరగదు, ఏమీ జరగకుండానే తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ, కానీ జూలై మూడో వారం అంటే సరిగ్గా ఆ గాలి కాలమే కాబట్టి చెప్తున్నా. రెండు మూడు రోజుల ముందు నుంచి గాలి సూచన చూస్తూ ఉండండి, ఆరు దాటి చూపిస్తుంటే వేగపు పడవ టికెట్ పెద్ద పడవకి మార్చుకోవడమో, ఒక పూట ముందే కదలడమో చేయొచ్చు.

శాంటొరిని చివర్న పెట్టింది కూడా అందుకే. మామూలుగా అయితే నేను దూరం దీవి ముందు, దగ్గర దీవి చివర అని చెప్తా, రోజులు గడిచేకొద్దీ రేవుకి దగ్గరవుతుంటే ధైర్యంగా ఉంటుంది. కానీ శాంటొరినికి పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉంది, ఏథెన్స్‌కి ముప్పావు గంట విమానం, రోజూ చాలా ఉంటాయి, అంటే చివరి రోజు మీకు రెండు తలుపులు, పడవ ఆగితే విమానం. నాక్సోస్‌లోనూ ఎయిర్‌పోర్ట్ ఉంది గానీ చిన్నది, చిన్న విమానాలు, సీట్లు తొందరగా అయిపోతాయి. శాంటొరిని నుంచి పైరియస్‌కి పెద్ద పడవలో ఏడెనిమిది గంటలు, ఒక్కోటి అర్ధరాత్రికి చేరుస్తుంది, ఆఖరి రోజు అత్తగారితో అది వద్దు, శుక్రవారం విమానమే ఎక్కేయండి.

శాంటొరినిలో దిగే చోటు గురించి ఒక మాట, ఫెర్రీలు ఆగేది ఊరి దగ్గర కాదు, అథీనియోస్ అనే రేవులో, నిలువు కొండ అడుగున, అక్కణ్ణుంచి మలుపులు మలుపులుగా రోడ్డు పైకెక్కుతుంది, పడవ రాగానే వందలమంది ఒకేసారి దిగుతారు, ట్యాక్సీలు చాలా తక్కువ. అక్కడి ప్రధాన ఊరు ఫిరాకి బస్సులుంటాయి, అవీ కిక్కిరిసిపోతాయి. మీరు దిగే రూము వాళ్ళకి పడవ పేరు, టైము చెప్పి కారు పంపమనండి, లేకపోతే ఆ ఎండలో గంట నిలబడతారు.

ఇప్పుడు మీవారి మూడో దీవి. పెట్టె లేకుండా వెళ్ళిన దీవి లెక్కలోకి రాదండి, అది ప్రయాణం కాదు, షికారు. మంగళవారం నాక్సోస్ నుంచి పొద్దున పడవలో పారోస్ వెళ్ళండి, పరోకియాలో దిగి పాత ఊరు తిరిగి, బస్సెక్కి నౌసా చూసి, సాయంత్రం పడవకి వెనక్కి, మీ బట్టలూ బ్రష్షులూ నాక్సోస్ రూములోనే ఉంటాయి, రూము ఖాళీ చేయడం లేదు, మూడింటి దాకా ఎదురుచూపు లేదు. అత్తగారికి ఆ రోజు ఓపిక లేకపోతే ఆవిడ నాక్సోస్ బీచ్ దగ్గర నీడలో ఉంటారు, మీలో ఒకరు తోడుంటే సరి, తండ్రీ కూతుళ్ళు వెళ్ళొస్తారు. దీనికి రెండు షరతులు, ఒకటి వెళ్ళే పడవ కంటే ముందు తిరిగొచ్చే పడవ చూసుకోవాలి, సాయంత్రంది ఆ రోజు ఉందో లేదో, దాని తర్వాత ఇంకోటి ఉందో లేదో. రెండోది గాలి, సోమవారం రాత్రి సూచన చూసి బాగాలేకపోతే మానేయాలి, అందుకే ఈ టికెట్ ముందే కొనకండి, ముందురోజు కొంటే చాలు. మూడు దీవులు చూసినట్టు అవుతుంది, కదిలే రోజులు మాత్రం మూడే ఉంటాయి.

మూడు దీవుల్లో నిజంగా బస చేయడం ఎవరికి కుదురుతుందంటే, దీవుల మీద ఏడెనిమిది రాత్రులున్నవాళ్ళకి, లేదా వీపు మీద ఒక్క బ్యాగుతో తిరిగే ఇద్దరు కుర్రవాళ్ళకి, రేవు పక్కనే రూములు తీసుకుని ఒకే లైనులో గంటలోపు దూరాలు ఎంచుకుంటే ఐదు రాత్రుల్లోనూ లాగించేస్తారు, వాళ్ళకి పెట్టె సర్దడం అంటే ఐదు నిమిషాలు. నలుగురికి నాలుగు పెట్టెలు, ఒక పాప, ఒక పెద్దావిడ, ఇది వేరే లెక్క. ఇంకా టికెట్లు కొననివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, రావడం ఏథెన్స్‌కి, తిరిగి వెళ్ళడం శాంటొరిని నుంచి ఒకే టికెట్ మీద కుదురుతుందేమో చూడండి. ఒకే టికెట్ అయితే మధ్యలో విమానం లేటైనా ముందుకి చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, అప్పుడు ఆఖరి ఏథెన్స్ రాత్రి మిగిలి దీవుల మీద ఆరు రాత్రులు అవుతాయి, అయినా నేను రెండు దీవులే అంటా, మూడేసి రాత్రులు.

బుకింగ్ మాత్రం వెనకనుంచి ముందుకి చేయండి. మొదట శుక్రవారం శాంటొరిని నుంచి ఏథెన్స్ విమానం, మధ్యాహ్నందైతే మంచిది, అది ఆగినా సాయంత్రంది ఇంకోటి ఉంటుంది. తర్వాత బుధవారం పడవ, తర్వాత ఆదివారం పడవ, టికెట్ మీద రేవు గేటు నంబరు కూడా చూసుకోండి, పైరియస్ చాలా పెద్దది, తప్పు గేటు దగ్గర దిగితే సామానుతో చాలా దూరం నడవాలి. పడవలు ఖాయమయ్యాకే రూములు, అవి కూడా రద్దు చేసుకునే వీలున్నవి, ముఖ్యంగా శాంటొరినిది.